సబ్‌అర్రేల కనిష్ఠాల మొత్తం: సమానమైన విలువలు ఉన్నప్పుడే జవాబు ఎందుకు పెరుగుతోంది?

చైత్ర

నమస్కారం. ఒక అర్రేలోని ప్రతి సబ్‌అర్రే నుంచి అతి చిన్న విలువను తీసుకుని, ఆ విలువలన్నిటినీ కూడితే వచ్చే మొత్తాన్ని కనుక్కునే ప్రోగ్రాం రాశాను. ప్రతి మూలకమూ ఎన్ని సబ్‌అర్రేలలో కనిష్ఠంగా నిలుస్తుందో లెక్కించి, ఆ సంఖ్యతో దాని విలువను గుణించి కూడడం నేను అనుసరించిన పద్ధతి. మూలకానికి ఎడమ వైపున, కుడి వైపున దాని విస్తరణను అడ్డుకునే స్థానాలను స్టాక్ సాయంతో ఇలా కనుక్కుంటున్నాను.

```python
def bounds(a):
    n = len(a)
    left, right = [-1] * n, [n] * n
    s = []
    for i in range(n):
        while s and a[s[-1]] >= a[i]:
            s.pop()
        if s: left[i] = s[-1]
        s.append(i)
    s = []
    for i in range(n - 1, -1, -1):
        while s and a[s[-1]] >= a[i]:
            s.pop()
        if s: right[i] = s[-1]
        s.append(i)
    return left, right
```

ఆ తరువాత ప్రతి `i` కీ `a[i] * (i - left[i]) * (right[i] - i)` ను కూడుతున్నాను. ఎనిమిదేసి మూలకాలున్న వెయ్యి యాదృచ్ఛిక అర్రేలను, 1 నుంచి 100 కోట్ల వరకు ఉండే విలువలతో తయారు చేసి, రెండు లూపులతో రాసిన నెమ్మదైన ప్రోగ్రాంతో పోల్చి చూశాను. వెయ్యింటిలోనూ రెండు జవాబులూ ఒకటే వచ్చాయి. కానీ చేత్తో రాసుకున్న `[4, 2, 5, 2, 3]` అనే చిన్న అర్రేకు నెమ్మదైన ప్రోగ్రాం 36 ఇస్తుండగా, ఇది 44 ఇస్తోంది. రెండు 2లు ఉండడమే కారణమని అనుమానం ఉంది గాని, ఏది మార్చాలో తేలడం లేదు. వెయ్యి పరీక్షలు నెగ్గిన ప్రోగ్రాం ఐదు మూలకాల దగ్గర ఎందుకు తప్పిందో కూడా తెలుసుకోవాలని ఉంది.

ఉత్తరాయణం

చైత్ర గారూ, దీనికి స్టాక్ అవసరమే లేదని నా అభిప్రాయం. అర్రేను ఆరోహణ క్రమంలో అమర్చండి. మొదటి మూలకం తన తరువాత ఉన్న వాటిలో దేనితో కలిసినా తానే కనిష్ఠం కాబట్టి దానిని 2 యొక్క `n-1` వ ఘాతంతో గుణించండి, రెండవదానిని `n-2` వ ఘాతంతో గుణించండి, అలా చివరి వరకు వెళ్ళండి. మీ అర్రేకు 2×16 + 2×8 + 3×4 + 4×2 + 5×1, అంటే 73 వస్తుంది. అందువల్ల 36, 44 రెండూ తప్పేనేమో ఒకసారి సరిచూసుకోండి.

నిదానం

ఉత్తరాయణం గారూ, మీరు లెక్కించినది మూలకాలను ఎక్కడెక్కడి నుంచైనా ఏరుకోగల ఉపసమితుల విషయం. ఐదు మూలకాల నుంచి అలాంటివి శూన్యం కానివి 31 ఏర్పడతాయి, వాటికి మీ 73 సరైన జవాబే. చైత్ర గారు అడిగినది పక్కపక్కనే ఉన్న మూలకాలతో ఏర్పడే సబ్‌అర్రేల గురించి. అవి ఐదింటికి 15 మాత్రమే, వాటి కనిష్ఠాల మొత్తం 36. అక్కడ క్రమం చెదిరితే ప్రశ్నే మారిపోతుంది కాబట్టి అమర్చే దారి ఇక్కడ పనికిరాదు.

ఉత్తరాయణం

అవును, ప్రశ్నను నేను తొందరగా చదివాను. పక్కపక్కనే ఉండాలన్న షరతును గమనించలేదు.

భార్గవ్

మీ అనుమానం నిజమే, చైత్ర గారూ. తప్పు సమానమైన విలువల దగ్గరే ఉంది. మీ స్టాక్ రెండు దిశలలోనూ `>=` తో తీసివేస్తోంది కాబట్టి, సమానమైన మూలకం అడ్డు వచ్చినా దానిని దాటుకుని విస్తరిస్తోంది. 1వ స్థానంలోని 2, కుడివైపున 3వ స్థానంలోని 2ను దాటుతోంది. 3వ స్థానంలోని 2 కూడా ఎడమవైపున ఉన్న దానిని దాటుతోంది. ఆ రెండూ ఉన్న సబ్‌అర్రేలు రెండు సార్లు లెక్కకు వస్తున్నాయి. రెండు చోట్లా `>=` బదులు `>` పెడితే సమానమైన మూలకం దగ్గర విస్తరణ ఆగిపోతుంది, రెండు సార్లు లెక్కపెట్టడమూ ఆగిపోతుంది.

చైత్ర

భార్గవ్ గారూ, మీరు చెప్పినట్లే మార్చి చూశాను. ఇప్పుడు 28 వస్తోంది. ముందు 8 ఎక్కువ ఉండేది, ఇప్పుడు సరిగ్గా 8 తక్కువైంది.

నిదానం

ఆ రెండు ఎనిమిదులూ ఒకే చోటి నుంచి వస్తున్నాయి. విలువలను కాసేపు పక్కన పెట్టి, ఏ మూలకానికి ఎన్ని సబ్‌అర్రేలు దక్కుతున్నాయన్నది మాత్రమే చూస్తే విషయం విడిపోతుంది.

మీ మొదటి ప్రోగ్రాంలో 4కు ఒకటి, 5కు ఒకటి, 3కు ఒకటి దక్కుతున్నాయి. వాటితో పేచీ లేదు. 1వ స్థానంలోని 2కు ఎడమ అంచును ఎంచుకోవడానికి రెండు చోట్లు, కుడి అంచుకు నాలుగు చోట్లు ఉన్నాయి కాబట్టి ఎనిమిది దక్కుతున్నాయి. 3వ స్థానంలోని 2కు నాలుగు, రెండు చొప్పున మళ్ళీ ఎనిమిది. అన్నీ కలిపితే 19 అవుతాయి, కానీ ఐదు మూలకాల అర్రేకు ఉన్న సబ్‌అర్రేలు 15 మాత్రమే. ఎక్కువైన నాలుగూ ఏవంటే, రెండు 2లనూ కలుపుకున్నవి: అవి 0వ స్థానంలో గాని 1వ స్థానంలో గాని మొదలై, 3వ స్థానంలో గాని 4వ స్థానంలో గాని ముగుస్తాయి. ఆ నాలుగింటిలోనూ కనిష్ఠం 2 కాబట్టి 4×2, అంటే 8 అదనంగా వచ్చి చేరింది.

భార్గవ్ గారి సవరణలో అవే నాలుగు సబ్‌అర్రేలు ఎవరికీ చెందకుండా పోయాయి. 1వ స్థానంలోని 2 కుడివైపున 3వ స్థానం దగ్గర ఆగిపోతుంది, 3వ స్థానంలోని 2 ఎడమవైపున 1వ స్థానం దగ్గర ఆగిపోతుంది. రెండింటికీ నాలుగేసి చొప్పున దక్కి, మొత్తం లెక్క 11 దగ్గర నిలిచిపోతుంది. ఇద్దరూ తమదంటే ఒక తప్పు, ఇద్దరూ తమది కాదంటే మరొక తప్పు. కావలసినది ప్రతి సబ్‌అర్రేకూ కచ్చితంగా ఒక్క యజమాని ఉండడం.

అందుకని సమానమైన మూలకాన్ని ఒక వైపున దాటనివ్వాలి, రెండవ వైపున ఆపాలి. మీ మొదటి ప్రోగ్రాంలో ఎడమ దిశను అలాగే ఉంచి, రెండవ లూపులో మాత్రమే `>=` ను `>` గా మార్చండి. అప్పుడు 1వ స్థానంలోని 2కు ఎడమ రెండు, కుడి రెండు కలిసి నాలుగు దక్కుతాయి. 3వ స్థానంలోని 2కు ఎడమ నాలుగు, కుడి రెండు కలిసి ఎనిమిది దక్కుతాయి. మొత్తం 1+4+1+8+1, అంటే 15. విలువలతో గుణిస్తే 4+8+5+16+3, అంటే 36.

ఈ ఏర్పాటు ఎందుకు ఎప్పుడూ సరిపోతుందో కూడా చెబుతాను. ఏదైనా ఒక సబ్‌అర్రేలో కనిష్ఠ విలువ మూడు చోట్ల ఉందనుకోండి. వాటిలో కుడివైపు చివరిది మాత్రమే, తనకు కుడివైపున సమానమైన అడ్డు లేకుండా ఆ సబ్‌అర్రే కుడి అంచు వరకు చేరగలదు. మిగిలిన రెండూ తమ కుడివైపున ఉన్న సమానుడి దగ్గరే ఆగిపోతాయి. కనుక ఆ సబ్‌అర్రే ఎప్పుడూ కుడివైపు చివరి కనిష్ఠానికే చెందుతుంది, అలాంటిది ప్రతి సబ్‌అర్రేలోనూ సరిగ్గా ఒకటే ఉంటుంది.

భార్గవ్

ఒప్పుకుంటున్నాను, నా సవరణ తప్పును ఒక వైపు నుంచి రెండవ వైపుకు నెట్టింది. అయితే నిదానం గారు చెప్పిన నియమాన్ని నేను ఇలా గుర్తు పెట్టుకుంటాను: ఎడమవైపున కచ్చితంగా చిన్నదైన మూలకం దగ్గర ఆగాలి, కుడివైపున చిన్నదైనా సమానమైనా ఆగాలి. ఇది తారుమారైతే జవాబు మళ్ళీ తప్పుతుంది కదా?

నిదానం

తారుమారైనా తప్పదు, భార్గవ్ గారూ. రెండు వైపులా ఒకే విధంగా ఉండకూడదన్నదే ముఖ్యం, ఏ వైపున ఏది అన్నది మీ ఇష్టం. కుడివైపున దాటనిచ్చి, ఎడమవైపున ఆపితే ఈ అర్రేలో 1వ స్థానంలోని 2కు ఎనిమిది, 3వ స్థానంలోని 2కు నాలుగు దక్కుతాయి. యజమాని మారి, ఎడమవైపు మొదటి కనిష్ఠం అవుతుంది. మొత్తం 36లో మార్పు ఉండదు. వాటా మారుతుంది కాబట్టి, ఎవరికి ఎన్ని దక్కాయో విడివిడిగా అడిగే ప్రశ్న అయితే మాత్రం ఏ వైపు ఎంచుకున్నారో చూసుకోవాలి.

చైత్ర గారి రెండవ సందేహానికి వస్తాను. మీ పరీక్షలలో విలువలు 100 కోట్ల నుంచి ఎంపిక అవుతున్నాయి. ఎనిమిది మూలకాలలో జతలు 28, ఒక్కొక్క జత సమానం కావడానికి అవకాశం 100 కోట్లలో ఒకటి. వెయ్యి అర్రేలలో ఎక్కడో ఒక సమానమైన జత ఎదురయ్యే అవకాశం లక్షలో మూడు పాళ్ళకు మించదు. పైగా జత ఎదురైనా చాలదు, వాటి మధ్యలో వాటికంటే చిన్నది ఉండకూడదు. `[2, 1, 2]` లో రెండు 2లూ ఒకదానిని ఒకటి చూడలేవు, మధ్యలోని 1 రెండింటినీ ఆపేస్తుంది. కనుక మీ ప్రోగ్రాం వెయ్యి పరీక్షలను నెగ్గినా, తప్పున్న దారిలో ఒక్కసారి కూడా నడవలేదని చెప్పవచ్చు.

దీనికి యాదృచ్ఛిక పరీక్షలకంటే నాకు నచ్చిన మార్గం ఒకటుంది. 1, 2, 3 అనే మూడే విలువలతో, ఆరు మూలకాల వరకు పొడవున్న అర్రేలను ఒక్కటి కూడా వదలకుండా తయారు చేయండి. 3+9+27+81+243+729, అంటే 1092 వస్తాయి. సమానమైనవి పక్కపక్కనే ఉండడం, పెద్దదాని చాటున ఉండడం, చిన్నదాని వల్ల విడిపోవడం, మూడు ఒకేచోట కూడడం, అన్నీ అందులో వచ్చేస్తాయి.

చైత్ర

రెండవ లూపులో మాత్రమే మార్చాను, 36 వచ్చింది. 1092 అర్రేలూ నెమ్మదైన ప్రోగ్రాంతో సరిపోయాయి. నా మొదటి ప్రోగ్రాంను కూడా అదే పరీక్షకు పెట్టి చూశాను, రెండు మూలకాల `[1, 1]` దగ్గరే పట్టుబడింది.

సింధు

నా సమస్య కూడా ఇటువంటిదే అనిపించి అడుగుతున్నాను. నేను కుడి అంచును వేరుగా కనుక్కోకుండా, ఒకే లూపులో స్టాక్ నుంచి తీసివేసేటప్పుడే లెక్క కడుతున్నాను. చివరలో స్టాకులో మిగిలిపోయిన వాటిని ఖాళీ చేయడానికి అర్రే చివర ఒక 0 చేరుస్తున్నాను. ఇది ఎన్నో రోజులు సరిగ్గా పనిచేసింది. ఇటీవల నా డేటాలో రుణ విలువలు వచ్చాయి. `[5, -2, 3]` కు 8 చూపిస్తోంది. సమానమైన విలువలేమీ లేవు కాబట్టి ఎడమ, కుడి నియమాలు ఇక్కడ వర్తించవనుకుంటున్నాను. సమానమైన విలువలున్న అర్రేలకు నా ప్రోగ్రాం ఎప్పుడూ తప్పు చూపలేదు, అది కూడా నాకు వింతగానే ఉంది.

నిదానం

సింధు గారూ, మీ ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలున్నాయి. రెండవదాని నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే ఒకే లూపు పద్ధతిలోని అసలు సౌలభ్యం అదే.

`k` అనే కొత్త మూలకం వచ్చినప్పుడు స్టాక్ పైనున్న `i` ని తీసివేస్తున్నామంటే, `i` కి కుడి అంచు `k` అని తేలినట్లు. అప్పుడు స్టాకులో దాని కింద మిగిలినది దాని ఎడమ అంచు. తీసివేసే షరతు `>=` అయితే, సమానమైనది వచ్చినా `i` బయటికి వెళ్ళిపోతుంది, అంటే కుడివైపున సమానుడి దగ్గర ఆగింది. అదే షరతు వల్ల స్టాకులో ఒకే విలువ రెండు సార్లు నిలవదు కాబట్టి, కింద మిగిలినది ఎప్పుడూ కచ్చితంగా చిన్నదే, అంటే ఎడమవైపున సమానులను దాటుకుని వెళ్ళింది. షరతును `>` గా మారిస్తే రెండు అంచుల స్వభావమూ కలిసే తిరగబడుతుంది. రెండు అంచులూ ఒకే పోలిక నుంచి పుడుతున్నాయి కాబట్టి రెండు వైపులా ఒకే విధంగా పెట్టే పొరపాటుకు ఇక్కడ చోటే లేదు. చైత్ర గారి ప్రోగ్రాంలో రెండు లూపులు, రెండు పోలికలు ఉన్నందువల్లనే అవి పొసగకపోవడం సాధ్యమైంది.

ఇక మీ 8 సంగతి. 5ను -2 బయటికి నెడుతుంది, 5 కలుస్తుంది. చివరి 0 వచ్చి 3ను నెడుతుంది, 3 కలుస్తుంది. కానీ -2 కంటే 0 పెద్దది, కనుక -2 స్టాకులోనే ఉండిపోతుంది. దానికి ఎడమ రెండు, కుడి రెండు కలిసి నాలుగు సబ్‌అర్రేలు రావలసి ఉంది, అంటే -8. అది చేరితే 8-8, అంటే 0, అదే సరైన జవాబు. చివర చేర్చే విలువ అర్రేలోని అన్నింటికంటే కచ్చితంగా చిన్నదై ఉండాలి. ఏ సంఖ్యను ఎంచుకోవాలన్న ఆలోచనే లేకుండా, చివరి అడుగును షరతులోనే చెప్పడం నాకు నచ్చుతుంది.

```python
def total(a):
    n, s, ans = len(a), [], 0
    for k in range(n + 1):
        while s and (k == n or a[s[-1]] >= a[k]):
            i = s.pop()
            left = s[-1] if s else -1
            ans += a[i] * (i - left) * (k - i)
        s.append(k)
    return ans
```

`k` విలువ `n` కు చేరినప్పుడు పోలిక జరగకుండానే స్టాక్ మొత్తం ఖాళీ అవుతుంది. చైత్ర గారి అర్రేతో నడిపితే 4, 5, 8, 3, 16 అనే వరుసలో కలుస్తాయి. ఒక్కొక్క స్థానం స్టాకులోకి ఒకసారి వెళ్ళి ఒకసారి బయటికి వస్తుంది కాబట్టి, లోపల `while` కనిపించినా పని అర్రే పొడవుకు అనులోమంగానే ఉంటుంది.

ఇంకొక మాట. మీ ఇద్దరి తప్పులూ ఒకే పరీక్షకు దొరుకుతాయి. `ans` తో పాటు `(i - left) * (k - i)` లను మాత్రమే కూడే ఒక లెక్క ఉంచుకుని, చివరికి అది `n*(n+1)//2` కు సమానమో కాదో చూడండి. చైత్ర గారికి 15 బదులు 19 వచ్చేది. సింధు గారికి 6 బదులు 2 వచ్చేది. సరైన జవాబు తెలియని పెద్ద అర్రే మీద కూడా ఈ పరీక్ష పనిచేస్తుంది, నెమ్మదైన ప్రోగ్రాంను నడపనవసరం లేదు.

సింధు

చివరి 0ను తీసివేసి మీ షరతును పెట్టాను, సరిపోయింది. కానీ ఆ లెక్క సరిపోయినంత మాత్రాన జవాబు సరైనదేనని అనుకోవచ్చా? ఒక చోట ఎక్కువై, మరొక చోట తక్కువై రెండూ రద్దయిపోయే అవకాశం లేదా?

నిదానం

సమానమైన విలువల వల్ల వచ్చే తప్పులలో అలా జరగదు. రెండు వైపులా దాటనిస్తే ప్రతి సబ్‌అర్రే కనీసం ఒకసారి లెక్కకు వస్తుంది, కొన్ని ఎక్కువ సార్లు వస్తాయి. రెండు వైపులా ఆపితే ప్రతిదీ మహా అయితే ఒకసారి వస్తుంది, కొన్ని అసలే రావు. ఒకే ప్రోగ్రాంలో తప్పు ఎప్పుడూ ఒకే దిశలో ఉంటుంది కాబట్టి రద్దు కావడానికి వీలు లేదు. `[2, 2, 2]` తీసుకోండి. దాటనిస్తే లెక్క 3+4+3, అంటే 10. ఆపితే 3. ఉండవలసినది 6.

అయితే ఈ పరీక్షకు పరిమితి ఉంది. పోలిక గుర్తును పొరపాటున తిరగేసి కనిష్ఠాల బదులు గరిష్ఠాలను లెక్కపెట్టినా, ఒక్కొక్క సబ్‌అర్రేకూ ఒక్కొక్క గరిష్ఠ యజమాని ఉంటాడు కాబట్టి లెక్క సరిగ్గానే తేలుతుంది. పంపకం సరిగ్గా జరిగిందని మాత్రమే ఇది చెబుతుంది, ఎవరికి జరిగిందన్నది చెప్పదు. అందువల్ల 1092 అర్రేల పరీక్షను దీనితో పాటే ఉంచుకోవాలి.

పాత పలక

ఇంత చర్చా చదివాక నాకు ఒక సందేహం కలిగింది. యజమాని ఎవరన్న ప్రశ్ననే వేసుకోకపోతే ఏమవుతుంది? నేను మూలకం వాటాను లెక్కించను, `k` దగ్గర ముగిసే సబ్‌అర్రేల కనిష్ఠాల మొత్తాన్ని `f[k]` గా ఉంచుకుంటాను. ఎడమ అంచు `p` అయితే, `p` తరువాత మొదలయ్యే వాటన్నిటిలో కనిష్ఠం `a[k]`. `p` దగ్గర గాని అంతకు ముందు గాని మొదలయ్యేవాటి మొత్తం `f[p]` గా ముందే తెలుసు. కనుక `f[k] = f[p] + a[k] * (k - p)`, `p` విలువ -1 అయితే మొదటి పదం సున్నా.

చైత్ర గారి అర్రేకు వరుసగా 4, 4, 9, 8, 11 వస్తాయి, మొత్తం 36. ఇందులో నాలుగవదానిని చూడండి. ఎడమవైపున సమానులను దాటి వెళ్తే `p` విలువ -1, అప్పుడు 2×4, అంటే 8. సమానుడి దగ్గర ఆగితే `p` విలువ 1, అప్పుడు 4+2×2, మళ్ళీ 8. పోలిక `>` అయినా `>=` అయినా జవాబు మారదు. `p` దగ్గర ఉన్నది కూడా 2నే కాబట్టి, అంతకు ముందు మొదలయ్యే సబ్‌అర్రే కనిష్ఠాన్ని ఎవరి పేరున రాసినా విలువ ఒకటే. సమానమైన విలువల బాధ అసలు తలెత్తని పద్ధతి ఉండగా, దానిని వదిలి వాటాల పద్ధతిని మొదట నేర్పడం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను.

భార్గవ్

ఇది నిజంగా బాగుంది. నేను చేసిన తప్పు మీ పద్ధతిలో చేయడానికే కుదరదు.

నిదానం

పాత పలక గారూ, మొత్తం ఒక్కటే కావాలంటే మీ పద్ధతి మీద నాకు అభ్యంతరం లేదు. సరిగ్గా చెప్పారు, విలువను మాత్రమే అడిగితే యజమాని అక్కరలేదు. కానీ ప్రశ్న కొంచెం కదిలితే యజమాని తిరిగి వస్తాడు. ప్రతి సబ్‌అర్రేకూ దాని కనిష్ఠాన్ని దాని మూలకాల మొత్తంతో గుణించి కూడమంటే, వాటాల పద్ధతిలో `i` యజమానిగా ఉన్న సబ్‌అర్రేల అంచులు ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఉండవచ్చో చేతిలోనే ఉంటుంది కాబట్టి, ముందుగా కూడి పెట్టుకున్న మొత్తాల మొత్తాలతో ఆ పని సులభంగా అవుతుంది. కనిష్ఠంగా 2 ఉన్న సబ్‌అర్రేలు ఎన్ని అని అడిగినా, 4+8, అంటే 12 అని వెంటనే చెప్పవచ్చు. సమానమైన విలువల దగ్గర ఒకసారి తప్పి నేర్చుకున్నవారు ఆ ప్రశ్నల దగ్గర తడబడరు. కనుక ముందు నేర్పవలసినది ఏదన్న విషయంలో మీతో ఏకీభవించలేకపోతున్నాను.

పాత పలక

ఆ ప్రశ్నలకు కూడా `f[k]` పక్కన ఇంకొక మొత్తాన్ని మోసుకుంటూ వెళ్ళి జవాబు రాబట్టవచ్చు. కొత్తవారికి ముందుగా తప్పు రాని దారి చూపి, అవసరమైనప్పుడు రెండవదానిని చూపాలన్నదే ఇప్పటికీ నా మాట.

మృదుల

మీ వాదం మధ్యలోకి వస్తున్నందుకు మన్నించండి. నా దగ్గర ఉన్న ప్రశ్నలో అర్రే వృత్తాకారంలో ఉంటుంది, చివరి మూలకం తరువాత మళ్ళీ మొదటిది వస్తుంది. అర్రేను రెండు సార్లు పక్కపక్కన రాసి అదే స్టాకును నడిపితే, ప్రతి విలువకూ దాని నకలు సమానుడిగా ఎదురవుతోంది. పొడవు `n` దాటిన సబ్‌అర్రేలు కూడా లెక్కలోకి వస్తున్నాయి. వాటిని తీసివేయడానికి షరతులు రాసి రాసి విసిగిపోయాను.

నిదానం

రెండు సార్లు రాయకండి, మృదుల గారూ. వృత్తంలోని అతి చిన్న విలువ ఉన్న స్థానాన్ని ఒకదానిని ఎంచుకోండి, అటువంటివి పది ఉన్నా ఏదో ఒకటి చాలు. ఆ స్థానాన్ని కలుపుకున్న ప్రతి ముక్కలోనూ కనిష్ఠం అదే. దానిని కలుపుకోని ముక్కలన్నీ, వృత్తాన్ని అక్కడ తెంచితే మిగిలే `n-1` మూలకాల మామూలు అర్రేలో ఉంటాయి. దానికి పైన రాసిన `total` సరిపోతుంది.

చైత్ర గారి అర్రేనే వృత్తంగా చూద్దాం. 1వ స్థానంలోని 2 దగ్గర తెంచితే, దాని తరువాతి స్థానం నుంచి `[5, 2, 3, 4]` మిగులుతుంది. దాని మొత్తం 5+12+6+4, అంటే 27. ఇక ఎంచుకున్న 2ను కలుపుకున్నవి: పొడవు 1 అయినది ఒకటి, పొడవు 2 అయినవి రెండు, 3 అయినవి మూడు, 4 అయినవి నాలుగు, కలిపి పది. అవి 20 చేరుస్తాయి. ఇక్కడికి 47. మిగిలిన మరొక 2తో ఘర్షణ రాదు, ఎందుకంటే తెంచిన స్థానాన్ని తాకే ముక్కలన్నీ ముందే ఒకరి పేరున రాసేశాము.

మిగిలినది వృత్తమంతటినీ చుట్టే ముక్క. మొదలయ్యే స్థానాన్ని బట్టి వేరువేరుగా లెక్కిస్తే అవి ఐదు, జవాబు 57. మూలకాలన్నీ అవే కాబట్టి ఒక్కటిగానే లెక్కిస్తే జవాబు 49. మీ ప్రశ్నలో ఏది ఉద్దేశించారు?

మృదుల

ప్రశ్నలో "పొడవు `n` కు మించని ప్రతి వరుస" అని మాత్రమే ఉంది. ఉదాహరణగా ఇచ్చినది ఒకే మూలకం ఉన్న అర్రే, దానికి రెండు అర్థాలలోనూ జవాబు ఒకటే వస్తుంది. రెండు విధాలుగానూ రాసి పంపి చూస్తాను.